మాట వినబడకా, మాట నచ్చకా? వీడియోలో జనం జారిపోయే చోట్లను ఆడియోతో సరిచూడటం

మా పిన్నికి యూట్యూబ్‌లో వంటల ఛానెల్ ఉంది. వండేదీ మాట్లాడేదీ ఆవిడ, షూటింగూ ఎడిటింగూ నేను. గోంగూర పచ్చడి వీడియో పెట్టిన వారానికి కామెంట్లలో ముగ్గురు ఇంచుమించు ఒకే మాట రాశారు: "బీజీఎం తగ్గించండమ్మా, మీ మాట వినపడట్లేదు." ఆ రోజే రిటెన్షన్ గ్రాఫ్ తెరిచి చూస్తే, గీత కొన్నిచోట్ల మెట్టు దిగినట్టు దిగింది. అందులో ఒక మెట్టు సరిగ్గా నేను మ్యూజిక్ పెంచిన చోటే ఉంది. కారణం దొరికిందనుకున్నాను. పిన్నికి ఫోన్ చేసి, వచ్చే వీడియో నుంచి మ్యూజిక్కే ఉండదని చెప్పేశాను కూడా.

ఆ తర్వాత కూర్చుని కొలిచి చూస్తే నేను అనుకున్నది చాలావరకు తప్పని తేలింది. మ్యూజిక్ పెరిగిన చోట జనం వెళ్ళింది మ్యూజిక్ వల్ల కాదు. ఆడియో వల్ల నిజంగా వెళ్ళిన చోటు ఇంకొకటి ఉంది. అక్కడ మ్యూజిక్కే లేదు, కామెంట్లలో దాని గురించి ఎవరూ రాయలేదు. ఈ తేడా ఎలా పట్టుకోవాలో ఆ ఒక్క వీడియోనే తీసుకుని చెబుతాను.

గీత ఎత్తు కాదు, వాలు చూడాలి

రిటెన్షన్ గ్రాఫ్ ఏ క్షణాన ఎంత శాతం వ్యూస్ ఇంకా నడుస్తున్నాయో చూపిస్తుంది. ఏ వీడియోకైనా అది ఎడమ నుంచి కుడికి దిగుతూనే ఉంటుంది కాబట్టి "ఇక్కడ 50 శాతమే ఉన్నారు" అన్న సంగతి మనకి ఉపయోగపడదు. ఇంతకుముందు క్షణంలో ఉన్నవాళ్ళలో ఎంతమంది ఇప్పుడు లేరు అన్నదే కావాలి.

యూట్యూబ్ ఈ లెక్కను వీడియో పొడవును నూరు భాగాలు చేసి ఇస్తుంది. స్టూడియోలో గీత మీద వేలు జరుపుకుంటూ అంకెలు రాసుకోవచ్చు. లేదంటే యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐలో `elapsedVideoTimeRatio` అనే డైమెన్షన్, `audienceWatchRatio` అనే మెట్రిక్ అడిగితే ఒక్కో వీడియోకి నూరు వరుసలు వస్తాయి. మా గోంగూర వీడియో సరిగ్గా పది నిమిషాలు. అంటే ఒక్కో గడి ఆరు సెకన్లు.

ఈ ఆరు సెకన్ల సంగతి మొదటే గుర్తుపెట్టుకోవాలి. మ్యూజిక్ 2:10కి పెరిగితే, చూసేవాళ్ళకి చిరాకు రావడానికి రెండు మూడు సెకన్లు, వేలు స్క్రీన్ మీదికి పోవడానికి ఇంకో రెండు పడుతుంది. అది పక్క గడిలోనో దాని తర్వాతి గడిలోనో కనిపిస్తుంది. అంతకన్నా కచ్చితంగా కలవాలని చూడకూడదు. అరగంట వీడియో అయితే ఒక్కో గడి 18 సెకన్లు. అందులో ఐదు సెకన్ల మ్యూజిక్ ముక్క ప్రభావం వెతకడం వృథా ప్రయాస.

మొదటి 30 సెకన్లూ చివరి అరనిమిషమూ పక్కన పెట్టేశాను. ఆ రెండు చోట్లా జనం వేరే కారణాలతో పోతారు. మిగిలిన భాగంలో ఒక్కో గడికి ఎంతమంది తగ్గారో లెక్కేస్తే మామూలుగా 0.8 శాతం వచ్చింది. అంటే నూరుమంది ఉంటే ఆరు సెకన్లకి ఒకరు కూడా నిండా పోవట్లేదు. దాన్ని దాటి మూడు నాలుగింతలు పోయిన చోట్లే నేను పట్టించుకోవలసినవి.

కొలవాల్సింది రెండు గొంతుల మధ్య దూరం

ఆడియో వైపుకి వస్తే, నేను మొదట చేసిన పొరపాటు మొత్తం వీడియో ఎంత గట్టిగా ఉందో చూడటం. యూట్యూబ్ ఆ లెక్క తనే చూసుకుంటుంది. వీడియో సగటు గట్టిదనం సుమారు మైనస్ 14 లఫ్స్ దాటితే మొత్తాన్ని ఒకే మోతాదులో తగ్గించి వినిపిస్తుంది, తక్కువగా ఉంటే పెంచదు. ప్లేయర్ మీద రైట్ క్లిక్ చేసి "Stats for nerds" తెరిస్తే "content loudness" అని కనిపించేది ఆ మైనస్ 14కీ మన వీడియోకీ ఉన్న తేడానే. మొత్తాన్ని ఒకే మోతాదులో తగ్గిస్తుంది కాబట్టి లోపలి ఎగుడుదిగుళ్ళు అలాగే ఉండిపోతాయి. మాటకీ మ్యూజిక్కీ మధ్య ఉన్న తేడా ఒక్క డెసిబెల్ కూడా మారదు.

లఫ్స్ అంటే చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత. లోతైన బేస్ శబ్దాన్ని కొంచెం తక్కువగా, పై శబ్దాన్ని కొంచెం ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటుంది. అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ శబ్దం గట్టిదన్నమాట. దీన్ని మూడు సెకన్ల కిటికీలో కొలిస్తే షార్ట్ టర్మ్ అంటారు. మన పనికి అదే సరిపోతుంది.

ఎడిటింగ్ ప్రాజెక్టు మన దగ్గరే ఉంటుంది కదా. మ్యూజిక్ ట్రాక్ మ్యూట్ చేసి మాట ఒక్కటే ఒక ఫైలుగా, మాట మ్యూట్ చేసి మ్యూజిక్ ఒక్కటే ఇంకో ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. రెండిటినీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో విడివిడిగా కొలవాలి:

```
ffmpeg -i voice.wav -af ebur128=metadata=1,ametadata=print:key=lavfi.r128.S:file=voice.txt -f null -
ffmpeg -i music.wav -af ebur128=metadata=1,ametadata=print:key=lavfi.r128.S:file=music.txt -f null -
```

సెకనుకి పది అంకెల చొప్పున రెండు టెక్స్ట్ ఫైళ్ళు వస్తాయి. ఆరేసి సెకన్లకి మధ్యరకం అంకె ఒకటి తీసుకుని ఎక్సెల్‌లో రిటెన్షన్ గడుల పక్కన పెట్టాను. ఒక జాగ్రత్త ఉంది: మాట ఫైల్లో పిన్ని ఊపిరి తీసుకునే చోట, మాట్లాడకుండా కలిపే చోట అంకె పాతాళానికి పోతుంది. దాన్ని "మాట తగ్గింది" అని లెక్కలోకి తీసుకోకూడదు. మాట లేని గడులకి విడిగా గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తే తర్వాత చాలా పనికొచ్చింది.

మాట మైనస్ 17, మ్యూజిక్ మైనస్ 35 ఉంటే మధ్య దూరం 18 డెసిబెల్స్. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అన్నిటికన్నా కఠినమైన స్థాయి, వెనక శబ్దం మాట కన్నా కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలంటుంది. వినికిడి తగ్గినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చెప్పింది అది. మామూలు వీడియోలకి 15 దగ్గర ఉన్నా మాట తేటగానే వినిపిస్తుంది. ఐదారుకి వచ్చిందంటే మాత్రం, అందులోనూ వేణువో వయొలినో అయితే, ఫోన్ స్పీకర్లో మాట మునిగిపోతుంది. ఫోన్ స్పీకర్‌కి కింది స్వరాలు పలకవు. మిగిలిన పై భాగంలోనే స, శ, త, క లాంటి హల్లులూ వేణువూ చోటు కోసం కొట్టుకుంటాయి.

నాలుగు చోట్లు, నాలుగు కారణాలు

రెండు వరుసలూ పక్కపక్కన పెట్టాక నాలుగు చోట్ల నా కన్ను ఆగింది.

మొదటిది 2:12. ఇక్కడే పిన్ని గోంగూర గురించి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన ముచ్చట మొదలుపెడుతుంది. నేను వేణువు పెంచాను. మాట మైనస్ 19, మ్యూజిక్ మైనస్ 24. దూరం ఐదే. గీత 61.0 నుంచి 58.9కి పడింది. ఉన్నవాళ్ళలో 3.4 శాతం ఆరు సెకన్లలో తగ్గారు.

రెండోది 4:48. ఎండుమిర్చి వేయిస్తుండగా కాలర్ మైక్ బ్యాటరీ అయిపోయి, ఆ ముక్కకి ఫోన్ మైక్ ఆడియోనే వాడాల్సి వచ్చింది. మాట మైనస్ 17 నుంచి మైనస్ 26కి జారింది. 18 సెకన్ల తర్వాత మళ్ళీ మైనస్ 17కి ఎగిరింది. మ్యూజిక్ లేదు. విషయం మారలేదు, వాక్యం కూడా మధ్యలోనే ఉంది. గీత 51.3 నుంచి 50.0కి దిగింది, అంటే 2.5 శాతం. ఆడియో తిరిగి పెరిగిన తర్వాతి గడిలో ఇంకో 1.9 శాతం పోయారు.

మూడోది 6:30. రోట్లో నూరే దృశ్యం, మాటల్లేవు. మ్యూజిక్ మైనస్ 16 దాకా పెంచాను. వీడియో మొత్తంలో మ్యూజిక్ అంత గట్టిగా ఉన్నది ఇక్కడే. గీత మాత్రం అసలు కదల్లేదు, ఒక గడిలో కొద్దిగా పైకి కూడా లేచింది. కొందరు వెనక్కి జరిపి మళ్ళీ చూశారన్నమాట.

నాలుగోది 9:10. "నచ్చితే లైక్ చేయండి" అంటుండగా మ్యూజిక్ లేస్తుంది, గీత కూలిపోతుంది. వంట అయిపోయింది కాబట్టి జనం లేచారు. మ్యూజిక్ అక్కడ ఉందంతే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎడిటింగ్ చేసే ఎవరైనా మ్యూజిక్‌ను ఎక్కడ మారుస్తారు? విషయం మారే చోట. ఒక భాగం అయిపోయి ఇంకోటి మొదలయ్యేటప్పుడు, కథ చెప్పేటప్పుడు, వీడ్కోలు చెప్పేటప్పుడు. జనం ఉండాలా వెళ్ళాలా అని నిర్ణయించుకునేది కూడా సరిగ్గా ఆ చోట్లలోనే. కాబట్టి మ్యూజిక్ పెరగడమూ గీత పడటమూ ఒకేచోట కనిపించడం ప్రతి వీడియోలోనూ జరుగుతుంది. అది చూసి మ్యూజిక్‌దే తప్పు అనడం, పెళ్ళికి వానొచ్చిందని బాజాలవాళ్ళని తిట్టడం లాంటిది.

అందుకని విడదీసి చూడాలి. ఆడియో మారి విషయం మారని చోటు కావాలి, విషయం మారి ఆడియో మారని చోటు కావాలి. మూడో చోటు, మాట లేకపోతే మ్యూజిక్ ఎంత గట్టిగా ఉన్నా జనం పోరని చెప్పింది. రెండో చోటు, విషయం మారకపోయినా మాట ఎగుడుదిగుడైతే పోతారని చెప్పింది. మొదటి చోటులో రెండూ ఒకేసారి మారాయి కాబట్టి, ఈ వీడియో ఒక్కదానితో అది తేలదు.

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల్లో మధ్యలో యాడ్స్ పడొచ్చు. యాడ్ దగ్గర పోయినవాళ్ళని ఆడియో ఖాతాలో వేస్తే లెక్కంతా తప్పుతుంది. మా వీడియోలో యాడ్ 5:20కి ఉంది, 4:48కి కాదు.

పడి లేచిందా, పడి అక్కడే ఉందా

మొదటి చోటును ఇంకాస్త దగ్గరగా చూశాను. 2:18కి 58.9, ఆ తర్వాత 57.6. అమ్మమ్మ ముచ్చట 2:56కి అయిపోతుంది. 3:00 గడిలో గీత 59.3కి లేచింది.

జనం వీడియో వదిలేసి పోయి ఉంటే గీత తిరిగి లేవదు. లేచిందంటే వాళ్ళు స్క్రీన్ మీద రెండుసార్లు తట్టి, పది సెకన్ల చొప్పున ముందుకు దూకారన్నమాట. మళ్ళీ వంట మొదలైన చోట దిగారు. ఇక్కడ వాళ్ళు తప్పించుకున్నది ముచ్చటని. రెండో చోట 4:48కి పడిన గీత తర్వాత లేవలేదు, పోయినవాళ్ళు పోయారు.

అయినా మ్యూజిక్‌కి ఇందులో అసలు పాత్ర లేదని అప్పుడే అనలేం. వేణువు గోల భరించలేక కూడా ముందుకు దూకొచ్చు కదా. యూట్యూబ్‌లో అదే లింకు కింద కొత్త ఫైలు పెట్టడం కుదరదు కాబట్టి పాత వీడియోలో మార్చి చూడలేం. తర్వాతి మూడు వీడియోల్లో పిన్ని ముచ్చట అలాగే ఉంచి, దాని కింద మ్యూజిక్ మాట కన్నా 18 డెసిబెల్స్ తక్కువకి దించాను. ముచ్చట మొదలైన గడిలో తగ్గినవాళ్ళు 2.9, 3.1, 2.7 శాతం. 3.4తో పోలిస్తే కాస్త తక్కువే కానీ, మామూలు 0.8కి ఎక్కడా దగ్గరికి రాలేదు. దూకినవాళ్ళు ముచ్చట వల్లే దూకారు. వంట ఆపి కథ చెప్పడం వాళ్ళకి పట్టలేదు.

రెండో చోటు నిజమేనా, కాకతాళీయమా

ఒక వీడియోలో ఒక చోట కలిసింది కదా అని రాసేసుకోకూడదు. పాత వీడియోలు పన్నెండు తీసి, మాట ఒక్కసారిగా ఆరు డెసిబెల్స్ కన్నా ఎక్కువ మారిన చోట్లు వెతికాను. అందులో విషయం మారని చోట్లే ఉంచుకున్నాను. తొమ్మిది దొరికాయి. దాదాపు అన్నీ కాలర్ మైక్ నుంచి ఫోన్ మైక్‌కి మారినవే. ఎనిమిది చోట్ల, తర్వాతి రెండు గడుల్లో ఆ వీడియో మామూలు కన్నా ఎక్కువమంది తగ్గారు.

తొమ్మిదిలో ఎనిమిది అంటే చాలానే అనిపిస్తుంది. కానీ దేనితో పోల్చి చాలా? "మామూలు కన్నా ఎక్కువ" అనేది ఎక్కడ చూసినా సగం సార్లు దొరుకుతుంది. అందుకని ఆ తొమ్మిది టైములనీ కలిపి ముందుకో వెనక్కో జరిపాను. ఒకసారి 40 సెకన్లు, ఒకసారి 70, ఒకసారి నిమిషమున్నర, ఇలా ఇరవై సార్లు. జరిపిన చోట మొదటి అరనిమిషమో చివరో తగిలితే దాన్ని వదిలేశాను. జరిపిన టైముల్లో ఆడియోకి సంబంధం లేదు కాబట్టి, అక్కడ వచ్చేది ఊరికే కలిసేదే. ఇరవై సార్లలో ఎక్కువగా నాలుగో ఐదో కలిశాయి, ఆరు దాటి ఒక్కసారి కూడా రాలేదు. అసలు టైముల్లో ఎనిమిది. అప్పుడు నమ్మాను.

ఇంతకీ జనం అక్కడ ఎందుకు పోతారు? తొమ్మిది డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు ఉంటుంది. వంటింట్లో కుక్కర్ కూతల మధ్య ఫోన్ గట్టు మీద పెట్టుకుని చూసేవాళ్ళకి మాట ఆగిపోయినట్టే. కొందరు పోతారు, మిగిలినవాళ్ళు వాల్యూమ్ పెంచుకుంటారు. 18 సెకన్ల తర్వాత పాత స్థాయి తిరిగి వచ్చేసరికి, పెంచుకున్న వాల్యూమ్ మీద అది రెండింతలై చెవిలో పడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. 4:48కి ఒక మెట్టు, ఆడియో తిరిగొచ్చాక ఇంకో మెట్టు ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం. యూట్యూబ్ ప్లేయర్ సెట్టింగ్స్‌లో "Stable volume" ఆన్‌లో ఉన్నవాళ్ళకి ఈ ఎగుడుదిగుడు కొంత సర్దుకుంటుంది. కాబట్టి మన గ్రాఫ్‌లో కనిపించేది ఆన్‌లో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిన లెక్క.

సరిచేయడానికి మొదట ఫోన్ ఆడియోని అలాగే ఎనిమిది డెసిబెల్స్ పెంచి చూశాను. మాటతో పాటు ఫ్యాన్ హోరు కూడా లేచింది. గుడ్డిగా పెంచితే లాభం లేదు. ఇప్పుడు షూటింగ్‌కి ముందు మైక్ ఛార్జింగ్ చూసుకుంటాను. ఫోన్ ఆడియో తప్పనిసరైతే ఆ ముక్క మాట వాడకుండా, మళ్ళీ ఆ వాక్యాన్నే పిన్ని చేత అదే మైక్‌లో చెప్పించి అతికిస్తాను.

ఎంతమంది చూస్తే ఈ లెక్క నిలుస్తుంది

గోంగూర వీడియోకి అప్పటికి నాలుగు వేల వ్యూస్ ఉన్నాయి. 61 శాతం అంటే 2,440 మంది. మామూలుగా అయితే ఆ గడిలో ఇరవై మంది తగ్గాలి, తగ్గింది ఎనభై పైచిలుకు. అది పొరపాటున వచ్చే తేడా కాదు.

అదే వీడియోకి 200 వ్యూసే ఉన్నాయనుకోండి. ఆ చోట ఉండేది 122 మంది. మామూలుగా ఒకరు పోవాలి, 3.4 శాతం అంటే నలుగురు. నలుగురు పోవడం పెద్ద విషయంలా కనిపిస్తుంది కానీ, మనం చూస్తున్నది నూరు గడులు. సగటున ఒకరు పోయే నూరు గడుల్లో నలుగురు పోయే గడులు ఒకటో రెండో ఏ కారణమూ లేకుండానే వస్తాయి. కొత్త ఛానెల్ వాళ్ళు ఒక్కో వీడియో గ్రాఫ్ చూసి తలపట్టుకోవడం కన్నా, పది వీడియోల్లో ఒకే రకం ఆడియో లోపం ఉన్న చోట్లన్నీ ఒకచోట చేర్చి లెక్కేస్తే మేలు.

గీతకి అందనివాళ్ళు

మరి కామెంట్ పెట్టిన ఆ ముగ్గురి మాటేమిటి? 2:12 దగ్గర మాట నిజంగానే మునిగిపోయింది, దూరం ఐదే ఉంది. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే వాళ్ళు వీడియో చివరిదాకా చూసి, కామెంట్ పెట్టినవాళ్ళు. పోయినవాళ్ళు కామెంట్ పెట్టరు, పెట్టినవాళ్ళు పోరు. కామెంట్లూ గీతా చెప్పేది వేర్వేరు మనుషుల గురించి.

ఇది నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. మాట సరిగా వినపడకపోయినా పిన్ని చేతుల్ని చూస్తూ, పాళ్ళు ఊహించుకుంటూ చివరిదాకా కూర్చునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు, వయసుతో ముందుగా పై స్వరాలు వినడం తగ్గేవాళ్ళు. వేణువు కింద మొదట మునిగేది సరిగ్గా వాళ్ళకి కావాల్సిన హల్లులే. వాళ్ళు పోరు కాబట్టి రిటెన్షన్‌లో వాళ్ళ ఇబ్బంది ఎప్పటికీ కనిపించదు.

అందుకే గ్రాఫ్ అడగకపోయినా మాట ఉన్న ప్రతిచోటా మ్యూజిక్ 18 నుంచి 20 డెసిబెల్స్ కింద ఉంచుతున్నాను. గీతలో తేడా ఏమీ రాలేదు. అమ్మమ్మ ముచ్చట్లు మాత్రం రోట్లో నూరే చోటికి మార్చాం. పిన్ని చేతులు పని చేస్తుంటాయి, మాట పైన నడుస్తుంటుంది, వేణువు లేదు, రోకలి చప్పుడే. అలా పెట్టిన మొదటి వీడియోలో ముచ్చట మొదలైన గడిలో తగ్గినవాళ్ళు 0.9 శాతం.